చెకర్స్‌లో ఎర కాయ: అపోహలు – వాస్తవాలు

డ్రాఫ్ట్స్, చెకర్స్ రెండూ ఒకే ఆటకు ఉన్న పేర్లు. ఎనిమిదేసి గడులున్న ఎనిమిది వరసల బల్ల మీద నల్ల గడుల్లోనే ఆట నడుస్తుంది. చెరో పన్నెండు కాయలు. కాయ ఏటవాలుగా ఒక గడి ముందుకు జరుగుతుంది. ఎదురుగా ప్రత్యర్థి కాయ ఉండి, దాని వెనక గడి ఖాళీగా ఉంటే దాని మీదుగా దూకి కొడుతుంది. దూకి వాలిన చోటి నుంచి ఇంకో కాయను కొట్టే వీలుంటే అదే ఎత్తులో దాన్నీ కొడుతుంది. దూకే అవకాశం వచ్చినప్పుడు దూకి తీరాలన్న నియమమే ఈ ఆటకు ప్రాణం. ఒక కాయను ఎరగా వేసి, ప్రత్యర్థి కాయను మనకు కావలసిన గడికి రప్పించి, ఒకే ఎత్తులో రెండు మూడు కాయలు కొట్టడం ఈ నియమం ఉండబట్టే సాధ్యమవుతోంది. ఈ ఎత్తుగడ చుట్టూ కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

కింది ఉదాహరణలన్నీ బ్రిటన్, అమెరికాల్లో ఆడే పద్ధతికి చెందినవి. వాటిని అనుసరించడానికి గడుల అంకెలు తెలిస్తే చాలు. తెల్ల కాయల వైపు కూర్చుని చూస్తే, అన్నిటికన్నా పై వరసలోని నల్ల గడులు ఎడమ నుంచి కుడికి 1, 2, 3, 4. తర్వాతి వరస 5 నుంచి 8. అలా దిగుతూ అడుగు వరస 29 నుంచి 32 వరకు. ఎడమ చేతి కింది మూల గడి 29. తెల్ల కాయలు పైకి, నల్ల కాయలు కిందికి నడుస్తాయి.

అపోహ 1: కొట్టడం, కొట్టకపోవడం ఆటగాడి ఇష్టం.

వాస్తవం: కొట్టే వీలుంటే కొట్టక తప్పదు. ఇళ్లలో సరదాగా ఆడేటప్పుడు ఈ నియమాన్ని పక్కన పెట్టేవారు చాలామంది. మన పులి–మేక ఆటలో మేకను దాటి చంపే వీలున్నా పులి చంపి తీరాలన్న నిర్బంధం లేదు. ఆ అలవాటుతో చెకర్స్‌కు వచ్చినవారికి ఈ నియమం వింతగా తోస్తుంది. కొట్టడం మరిచిన కాయను ప్రత్యర్థి బల్ల మీద నుంచి తీసేసే ‘హఫ్’ అనే ఆచారం పూర్వం ఉండేది. ఇప్పటి పోటీల్లో అది లేదు. తప్పు ఎత్తు వేసినవారు దాన్ని వెనక్కి తీసుకుని, కొట్టాల్సిన కాయను కొట్టాల్సిందే. నియమాన్ని సడలిస్తే ఎర వేయడంలో అర్థమే ఉండదు. ఎరను ముట్టకుండా ప్రత్యర్థి పక్కకు తప్పుకుంటాడు.

అపోహ 2: కాయను ఊరికే ఇచ్చేయడం నష్టం, లేదా గుడ్డి సాహసం.

వాస్తవం: ఇచ్చింది ఎన్ని, తిరిగి వచ్చింది ఎన్ని అన్నది మొత్తం వరుస ముగిశాకే తేలుతుంది. ప్రత్యర్థికి ఒకే దారి మిగిలినప్పుడు అందులో సాహసం ఏమీ లేదు, ఉన్నది లెక్క మాత్రమే. ఒక స్థితి చూద్దాం.

తెల్ల కాయలు 22, 23, 26, 31 గడుల్లో ఉన్నాయి. నల్ల కాయలు 7, 8, 14, 15 గడుల్లో ఉన్నాయి. ఇరువైపులా నాలుగేసి. ఎత్తు తెల్లది.

పైపైన చూస్తే తెల్లకు కొట్టడానికి ఏమీ కనపడదు. కానీ 17 నుంచి పైకి చూస్తే ఒక మెట్ల దారి ఉంది: 17 ఖాళీ, 14లో నల్ల కాయ, 10 ఖాళీ, 7లో నల్ల కాయ, 3 ఖాళీ. తెల్ల కాయ ఏదైనా దూకుతూ 17లో వాలగలిగితే, అక్కడి నుంచి 14 మీదుగా 10కి, 7 మీదుగా 3కి పోతుంది. ఆ దారిలోకి రాగలిగేది 26లోని కాయ. అది 17కు దూకాలంటే మధ్యలో 22లో నల్ల కాయ ఉండాలి. ఇప్పుడు అక్కడ ఉన్నది తెల్ల కాయే.

ఇక ప్రశ్నను తిరగేయాలి. నల్ల కాయ 22కు ఎలా వస్తుంది? 15లోని కాయ 18 మీదుగా దూకితే వస్తుంది. అంటే 18లో ఎర ఉండాలి, 22 ఖాళీ కావాలి. ఈ రెండు పనులూ ఒకే ఎత్తుతో తీరతాయి: తెల్ల 22 నుంచి 18కి జరుగుతుంది.

నల్లకు గత్యంతరం లేదు. 15లోని కాయ 18ని కొట్టి 22లో వాలుతుంది. వెంటనే తెల్ల 26 నుంచి 22 మీదుగా 17కు, 14 మీదుగా 10కి, 7 మీదుగా 3కి దూకుతుంది. ఒక కాయ పోయింది, మూడు వచ్చాయి. పైగా దూకిన కాయ చివరి వరసకు చేరి రాజు అయింది. ఒక నల్ల కాయకు ఎదురుగా మూడు తెల్ల కాయలు మిగిలాయి.

అపోహ 3: ఎర కాయ, దూకే కాయ సరిగ్గా ఉంటే చాలు, మిగతా కాయలతో పనిలేదు.

వాస్తవం: పై ఉదాహరణలో 23, 31 గడుల్లోని కాయలు కదలనే లేదు. అయినా అవి లేకపోతే ఎత్తుగడ బెడిసికొడుతుంది.

31లోని కాయ 32లో ఉందనుకుందాం. తెల్ల అదే ఎర వేస్తుంది. నల్ల కాయ 18ని కొట్టి 22లో వాలుతుంది. కానీ అక్కడ ఆగదు. 26లో తెల్ల కాయ, దాని వెనక 31 ఖాళీ. కాబట్టి దాన్నీ కొట్టి 31కి చేరి రాజవుతుంది. దూకాల్సిన కాయే పోయాక తెల్లకు తిరిగి కొట్టడానికి ఏమీ మిగలదు.

ఈసారి 31 కాయను ఉంచి, 23 కాయ 24లో ఉందనుకుందాం. ఎర పడగానే నల్లకు రెండో దారి తెరుచుకుంటుంది. 14లోని కాయ 18 మీదుగా 23కు, అక్కడి నుంచి 26 మీదుగా 30కి దూకి రెండు కాయలు తీసుకుంటుంది. మొదటి స్థితిలో 23లోని తెల్ల కాయ ఆ దారిని మూసి ఉంచింది, 31లోని కాయ రెండో దూకుకు చోటు లేకుండా చేసింది. ఎర వేసేముందు ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. ప్రత్యర్థి కాయ ఎక్కడ వాలుతుందో చూస్తారు కానీ, అక్కడి నుంచి ఇంకా ముందుకు దూకగలదా అన్నది చూడరు.

అపోహ 4: రెండు దారులుంటే ఎక్కువ కాయలు వచ్చే దారిలోనే కొట్టాలి.

వాస్తవం: ఈ పద్ధతిలో ఏ దారిన కొట్టాలన్నది కొట్టేవారి ఇష్టం. ఒక కాయ వచ్చే దారినైనా ఎంచుకోవచ్చు. అయితే ఎంచుకున్న దారిలో దూకగలిగినంత వరకు దూకాలి, మధ్యలో ఆగకూడదు. రష్యన్ పద్ధతిలోనూ దారి ఎంపిక స్వేచ్ఛే. పది వరసల బల్ల మీద చెరో ఇరవై కాయలతో ఆడే అంతర్జాతీయ డ్రాఫ్ట్స్‌లో మాత్రం ఎక్కువ కాయలు వచ్చే దారినే పట్టాలి. ఇటాలియన్ పద్ధతి కూడా అంతే. ఫోన్‌లోని ఆట ఏ పద్ధతిలో నడుస్తోందో చూసుకోకపోతే ఈ గందరగోళం తప్పదు.

ఎంపిక ప్రత్యర్థి చేతిలో ఉంది కాబట్టి, ఎర వేసేవారు ప్రతి దారికీ జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి. మొదటి స్థితిలో 23లోని తెల్ల కాయను 30లో పెట్టి చూడండి. ఇప్పుడు తెల్ల కాయలు 22, 26, 30, 31లో ఉన్నాయి, నల్ల కాయలు ముందున్నచోటే. తెల్ల 22 నుంచి 18కి ఎర వేస్తే నల్లకు రెండు దారులు. 15తో కొడితే 22లో వాలి ఆగిపోతుంది. తెల్ల ఇందాకటిలాగే 17, 10, 3 గడుల్లో వాలుతూ మూడు కాయలు కొడుతుంది. 14తో కొడితే 23లో వాలుతుంది, 26 వెనక 30లో తెల్ల కాయ ఉన్నందున ముందుకు పోలేదు. అప్పుడు తెల్ల 26 నుంచి 23 మీదుగా 19కి, 15 మీదుగా 10కి, 7 మీదుగా 3కి దూకుతుంది. ఇదీ మూడే. ప్రత్యర్థి ఏది ఎంచుకున్నా ఫలితం మారకపోతేనే ఆ ఎర గట్టిది.

అపోహ 5: దూకుతూ చివరి వరసకు చేరిన కాయ రాజై అదే ఊపులో వెనక్కి కూడా కొడుతుంది.

వాస్తవం: బ్రిటన్, అమెరికా పద్ధతిలో కాయ రాజు కాగానే ఎత్తు ముగుస్తుంది. మన ఉదాహరణలో తెల్ల 3కు చేరేసరికి పక్కనే 8లో నల్ల కాయ, దాని వెనక 12 ఖాళీగా ఉంది. నాలుగోది కూడా కొట్టేయవచ్చని అనిపిస్తుంది. కానీ వీల్లేదు. ఇప్పుడు ఎత్తు నల్లది, ఆ కాయ తప్పుకోవచ్చు. రష్యన్ పద్ధతిలోనైతే అదే ఎత్తులో రాజుగా కొనసాగవచ్చు. రెండు పద్ధతులూ ఆడేవారు లెక్క వేసేటప్పుడు ఈ ఒక్క కాయ తేడా గుర్తుంచుకోవాలి.

అపోహ 6: ఒకే ఎత్తులో రెండు మూడు కాయలు వస్తే ఆట గెలిచినట్టే.

వాస్తవం: దూకుడు ముగిసిన గడిలో మన కాయ క్షేమంగా ఉందా అన్నది చూడాలి. మొదటి ఉదాహరణలో దూకిన కాయ అంచు వరసలోని 3లో ఆగింది. అంచున ఉన్న కాయను ఎవరూ దూకి కొట్టలేరు. అదే, 7, 8 గడుల్లోని నల్ల కాయలు 6, 1 గడుల్లో ఉంటే కథ వేరు. 6 వెనక 1 నిండి ఉన్నందున తెల్ల దూకుడు 10లోనే ఆగుతుంది. వెంటనే 6లోని నల్ల కాయ 10 మీదుగా 15కు దూకుతుంది. చివరకు రెండు ఇచ్చి రెండు తీసుకున్నట్టు. మూడు కాయల దెబ్బ కాస్తా సమానమైన మార్పిడిగా మిగిలింది.

ప్రత్యర్థి పొరపాటు చేయకుండా ఇలాంటి అవకాశం దొరకదు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో జొనాథన్ షేఫర్ బృందం 2007లో ఈ ఆటను కంప్యూటర్‌తో ఛేదించింది. ఇరుపక్షాలూ తప్పులేకుండా ఆడితే ఆట డ్రాగానే ముగుస్తుందని తేల్చింది. కాబట్టి ఎరను ఎప్పుడైనా పారే మంత్రంగా చూడకూడదు. ప్రత్యర్థి కాయల వెనక ఖాళీలు ఏర్పడినప్పుడు మాత్రమే అది పనిచేస్తుంది.

ఎర వేసేముందు మూడు సంగతులు వరసగా సరిచూసుకోవాలి. ప్రత్యర్థి ఎన్ని దారుల్లో కొట్టగలడు? కొట్టి వాలిన గడి నుంచి ఇంకా దూకగలడా? మన కాయ చివరగా ఆగే గడిలో తిరిగి దెబ్బ తగులుతుందా? మూడింటికీ సరైన జవాబు దొరికితేనే ఆ కాయను ఇవ్వాలి. ఒక్కటి తేలకపోయినా చేయి వెనక్కి తీసుకోవడమే మంచిది.