పది వేలతో గుణించే ముందు

ఫ్లాస్కు అడుగున ఒత్తుగా పెరిగిన వెరో కణాలను మైక్రోస్కోపులో చూస్తే ఇంటి ముందు పరిచిన నాపరాళ్లు గుర్తొస్తాయి. ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా. 1962లో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో ఆఫ్రికన్ గ్రీన్ మంకీ అనే కోతి మూత్రపిండం నుంచి తీసిన కణాల సంతతి ఇది. పేరు ఎస్పెరాంటో భాషలోంచి వచ్చింది: ‘వెర్దా రెనో’, అంటే ఆకుపచ్చ మూత్రపిండం. వైరస్‌లు పెంచడానికి ప్రపంచమంతటా వాడే కణాల్లో ఇవి ముఖ్యమైనవి. హైదరాబాద్‌లో తయారైన కోవాక్సిన్ కోసం వైరస్‌ను పెంచింది కూడా వీటి మీదే.

వాటితో ఏ ప్రయోగం మొదలుపెట్టాలన్నా ముందు తేలాల్సింది ఒక్కటే, మిల్లీలీటరుకి ఎన్ని కణాలున్నాయి? ఒక గుంటలో పది వేల కణాలు, పక్క గుంటలో ముప్పై వేలు పడితే ఆ రెండింటినీ పోల్చి చెప్పే మాటకు విలువుండదు. ఇప్పుడు కణాలను తమంతట తామే లెక్కించే యంత్రాలు వచ్చాయి. అయినా చాలా ల్యాబుల్లో మైక్రోస్కోపు పక్కన ఒక మందపాటి గాజు పలక కనిపిస్తూనే ఉంటుంది. అదే హీమోసైటోమీటర్. మొదట్లో రక్తకణాలు లెక్కించడానికి పుట్టింది కాబట్టి ఆ పేరు. డిగ్రీలో జువాలజీ చదివినవాళ్లలో చాలామంది తమ వేలి రక్తాన్నే దాని మీద లెక్కపెట్టి ఉంటారు.

పలక మధ్యలో గాజు మీద సన్నని గీతలు చెక్కి ఉంటాయి. ఎక్కువగా వాడే ‘ఇంప్రూవ్డ్ న్యూబాయర్’ రకంలో పెద్ద గళ్లు తొమ్మిది, నిలువుకు మూడు, అడ్డానికి మూడు. ఒక్కో గడి పొడవు, వెడల్పు ఒక్కో మిల్లీమీటరు. పైన కవర్‌స్లిప్ పెడితే దానికీ గీతలకూ మధ్య సరిగ్గా 0.1 మిల్లీమీటరు ఎడం మిగులుతుంది. అంటే ఒక పెద్ద గడి మీద నిలిచే ద్రవం 0.1 ఘన మిల్లీమీటరు, మిల్లీలీటరులో పది వేలో వంతు. గడిలో కనిపించిన కణాల సంఖ్యను పది వేలతో గుణిస్తే మిల్లీలీటరులో ఎన్నో వచ్చేది అందుకే. నిజానికి ఇది మానిక లాంటిదే. గింజలను కొలిచే మానిక కాదు, మానిక కొలత ముందే తెలుసు కాబట్టి అందులోని గింజలను లెక్కపెట్టడం.

మానిక సరిగ్గా ఉండాలంటే కవర్‌స్లిప్ సరైనది కావాలి. దీనికోసం మందంగా, వంగకుండా ఉండే కవర్‌స్లిప్ విడిగా వస్తుంది. అది పగిలిపోయిందని మామూలు స్లైడ్ల మీద పెట్టే పల్చటి కవర్‌స్లిప్ తెచ్చి పెడితే, ద్రవం లాగే లాగుడుకి అది కిందికి వంగుతుంది. లోతు తగ్గుతుంది, లెక్క తక్కువ వస్తుంది. సరైనదాన్ని పలక అంచుల మీద నొక్కి అమర్చినప్పుడు, ఆనిన చోట వెలుతురులో ఇంద్రధనుస్సు రంగుల వలయాలు కనిపిస్తాయి. న్యూటన్ వలయాలంటారు. అవి కనిపిస్తే గాజు గాజుకు హత్తుకుందని నమ్మొచ్చు.

ఇక ఒక లెక్క మొదటినుంచీ చూద్దాం. ఒక పరిశోధక విద్యార్థిని చిన్న ఫ్లాస్కులో వెరో కణాలు పెంచింది అనుకుందాం. అడుగుకు అంటుకున్న కణాలను విడదీయడానికి ఒక మిల్లీలీటరు ట్రిప్సిన్ పోసింది. కణాలు గుండ్రంగా మారి ఊడి వచ్చాక సీరం ఉన్న మీడియం నాలుగు మిల్లీలీటర్లు కలిపింది. సీరం ట్రిప్సిన్ పనిని ఆపుతుంది. ఇప్పుడు ఫ్లాస్కులో మొత్తం ఐదు మిల్లీలీటర్ల కణాల ద్రవం ఉంది.

అందులోంచి 100 మైక్రోలీటర్లు చిన్న ట్యూబులోకి తీసి, దానికి 100 మైక్రోలీటర్ల ట్రిపాన్ బ్లూ రంగు కలిపింది. బతికున్న కణం పొర ఈ రంగును లోపలికి రానివ్వదు, మైక్రోస్కోపులో తెల్లగా మెరుస్తుంది. చచ్చిన కణం పొర చిల్లులు పడి ఉంటుంది కాబట్టి నీలంగా మారుతుంది. కలిపాక తాపీగా టీ తాగి రాకూడదు. ఐదు నిమిషాలు దాటితే రంగు బతికున్న కణాలకూ హాని చేయడం మొదలుపెడుతుంది, లెక్కలో చావులు పెరుగుతాయి.

పిపెట్ మొనను కవర్‌స్లిప్ అంచుకు ఆనించి సుమారు 10 మైక్రోలీటర్లు వదిలితే, ద్రవం తనంతట తానే గాజు కిందికి పాకుతుంది. అక్కడే ఆపాలి. ఎక్కువ వదిలితే పక్కనున్న కాలువల్లోకి పొంగి, కవర్‌స్లిప్ కొంచెం పైకి తేలుతుంది. లోతు పెరిగి లెక్క ఎక్కువ వస్తుంది. తక్కువైనా, గాలి బుడగ చేరినా గడి మీద ద్రవం ఉండాల్సినంత ఉండదు. పొంగినా, బుడగ వచ్చినా సర్దుబాటు చేయబోవడం దండగ. కడిగి మళ్లీ వేయడమే.

నాలుగు మూలల గళ్లలో ఆమెకు కనిపించిన బతికున్న కణాలు వరసగా 38, 45, 41, 44. నీలం కణాలు 3, 2, 4, 3. గీత మీద పడ్డ కణాల సంగతి? దానికో కట్టుబాటుంది. పై గీత, ఎడమ గీత మీదివి లెక్కలోకి వస్తాయి, కింది గీత, కుడి గీత మీదివి రావు. లేకపోతే సరిహద్దు కణం రెండు గళ్లలోనూ పడుతుంది, పొలం గట్టు మీది చెట్టు కాయల్ని ఇద్దరూ తమ లెక్కలో రాసుకున్నట్టు.

బతికున్నవి మొత్తం 168. నాలుగుతో భాగిస్తే గడికి సగటు 42. పది వేలతో గుణిస్తే మిల్లీలీటరుకి 4,20,000. చాలామంది ఇక్కడే పెన్ను కింద పెట్టేస్తారు. తప్పు కూడా ఇక్కడే జరుగుతుంది.

ఎందుకంటే ఆ 4,20,000 రంగు కలిపిన ట్యూబుకు చెందిన లెక్క. ఫ్లాస్కులోని ద్రవం దానికి రెండింతలు చిక్కగా ఉంది. గ్లాసుడు మజ్జిగలో గ్లాసుడు నీళ్లు పోసి రుచి చూస్తే, కుండలోని మజ్జిగ అంత పల్చగా ఉందనుకోం కదా. 100లో 100 కలిపితే మొత్తం 200, అందులో మనది 100, కాబట్టి పలచన గుణకం 2. ఫ్లాస్కులో మిల్లీలీటరుకి 42 × 2 × 10,000, అంటే 8,40,000. ఐదు మిల్లీలీటర్లలో మొత్తం 42 లక్షల బతికున్న కణాలు. బతికిన శాతం 180లో 168, అంటే 93. దీనికి మాత్రం పలచనతో పని లేదు. బతికినవీ చచ్చినవీ ఒకే ట్యూబులోవి.

పలచన గుణకం ఎప్పుడూ మొత్తం పరిమాణాన్ని తీసుకున్న నమూనాతో భాగిస్తే వచ్చేదే. ఇంత తేలిక లెక్కలోనూ రెండు చోట్ల కాలు జారుతుంది. ‘ఒకటికి పది’ అని నోట్‌బుక్‌లో రాస్తే దానికి రెండు అర్థాలున్నాయి. 100 మైక్రోలీటర్లకు 900 కలిపితే గుణకం 10. అదే 100కి 1000 కలిపితే మొత్తం 1100 అవుతుంది, గుణకం 11. ఒకరు రాసింది ఇంకొకరు చదివి చేస్తే పది శాతం తేడా చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది. అందుకే నిష్పత్తి రాయడం కన్నా ‘100 + 900’ అని రాయడం మేలు. రెండోది, వరసగా రెండుసార్లు పలచన చేసినప్పుడు. ద్రవం మరీ చిక్కగా ఉండి గడిలో వందల కణాలు కిక్కిరిస్తే ముందు మీడియంతో పది రెట్లు పల్చన చేసి, తర్వాత సమానంగా రంగు కలుపుతారు. అప్పుడు గుణకం 10 ఇంటూ 2, ఇరవై. రెండూ కూడి పన్నెండు అనుకునేవాళ్లూ ఉన్నారు.

ఇంతకీ ఆ 8,40,000ని ఎంతవరకు నమ్మొచ్చు? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. కణాల విషయంలో ఒక్క మెతుకు చాలదు. ఈ సంగతిని లెక్కగట్టి చూపినవారు డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం సీలీ గాసెట్. బీరు పులియడానికి ఈస్ట్ ఎంత వేయాలో తెలియాలి, దానికి ఈస్ట్ కణాలను ఈ పలక మీద లెక్కించాలి. గళ్లన్నింటిలోనూ ఈస్ట్ కణాలు లెక్కపెట్టి, బాగా కలిపిన ద్రవంలో కూడా గడికీ గడికీ తేడా ఎంత ఉంటుందో 1907లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో వ్యాసం రాశారు. గణాంకశాస్త్రం చదివేవారికి ‘స్టూడెంట్స్ టీ టెస్ట్’గా తెలిసిన పద్ధతి ఆ మరుసటి ఏడాది అదే పేరుతో వచ్చింది.

సామాన్యంగా చెప్పాలంటే, లెక్కించిన కణాల సంఖ్యకు వర్గమూలం ఎంతో, కేవలం అదృష్టం వల్ల వచ్చే ఊగిసలాట సుమారు అంత. 168కి వర్గమూలం దాదాపు 13, అంటే ఎనిమిది శాతం. కాబట్టి 8,40,000 అంటే ఇంచుమించు ఏడు లక్షల డెబ్బై వేల నుంచి తొమ్మిది లక్షల పది వేల దాకా ఏదైనా కావచ్చు. ఒక్క గడిలో 42 లెక్కపెట్టి ఆపేసి ఉంటే ఊగిసలాట పదిహేను శాతం. పిపెట్ పొరపాట్లు, పలక నింపడంలో తేడాలు దీనికి అదనం. కాలిక్యులేటర్‌లో వచ్చిందని దశాంశ స్థానాలు రాసుకోవడం ఈ పలక ముందు నవ్వులాటే.

అదే వర్గమూలం తప్పును పట్టిస్తుంది కూడా. సగటు 42 ఉంటే గళ్ల లెక్కలు ముప్పైకి, యాభై ఐదుకి మధ్య తిరగడం మామూలే. ఒకదాంట్లో 15, ఇంకోదాంట్లో 70 వస్తే అది అదృష్టం పని కాదు. కణాలు ద్రాక్షగుత్తుల్లా ముద్దకట్టి ఉండాలి, లేదా ట్యూబు అడుగుకు చేరి ఉండాలి. కణాలు బరువైనవి, ట్యూబును నిమిషాలపాటు కదపకుండా ఉంచితే దిగిపోతాయి. పైనుంచి తీస్తే తక్కువ, అడుగునుంచి తీస్తే ఎక్కువ. తీసే ముందు మెల్లగా నాలుగైదుసార్లు పిపెట్‌తో పైకీ కిందికీ ఆడించకపోతే ఆ తర్వాత చేసిన గుణకారం ఎంత సరైనదైనా లాభం లేదు.

మన విద్యార్థినికి 96 గుంటల ప్లేటు సిద్ధం చేయాలి. గుంటకు 100 మైక్రోలీటర్లలో పది వేల కణాలు కావాలి, అంటే మిల్లీలీటరుకి లక్ష. ప్లేటు మొత్తానికి పది మిల్లీలీటర్లు సరిపోతాయి. పది మిల్లీలీటర్లకు పది లక్షల కణాలు. వాటిని మిల్లీలీటరుకి 8,40,000 ఉన్న ద్రవం నుంచి తీయాలి. పది లక్షలను 8,40,000తో భాగిస్తే 1.19 మిల్లీలీటర్లు. మీడియం 8.81 మిల్లీలీటర్లు. రంగు కలిపిన సంగతి మరిచి 4,20,000 అనే లెక్కనే వాడి ఉంటే 2.38 మిల్లీలీటర్లు తీసేది. ప్రతి గుంటలో ఇరవై వేల కణాలు పడేవి.

ప్లేటు ఇంక్యుబేటర్‌లోకి వెళ్లాక మిగిలేది పలక శుభ్రం. నీళ్లతో కడిగి, ఆల్కహాల్ రాసి, పీచు రాలని కాగితంతో అద్దాలి. గీతలున్నచోట గట్టిగా రుద్దకూడదు. ట్రిపాన్ బ్లూ అక్కడే ఆరిపోతే చిన్న నీలి చుక్కలు మిగిలిపోతాయి. మర్నాడు వచ్చి ఆ పలక తీసుకున్నవాళ్లు వాటిని చచ్చిన కణాలుగా రాసుకుంటారు.