ఇసినోఫిలియా

రక్తంలో ఇసినోఫిల్స్ అను తెల్ల రక్తకణాలు ఉండవలసిన దానికంటె ఎక్కువగా ఉండుటను ఇసినోఫిలియా అంటారు. తుమ్ములు, దగ్గు తరచుగా వచ్చేవారిని "ఇస్నోఫీలియా ఉన్నది" అనుట తెలుగునాట వాడుక. నిజానికి ఇది వ్యాధి పేరు కాదు, రక్తపరీక్షలో కనబడే ఒక గుర్తు మాత్రమే. ఏ బాధా లేనివారిలో కూడా ఇది బయటపడుతుంది.

టి.సి. పరీక్ష మొత్తం తెల్లకణాల సంఖ్యను, డి.సి. పరీక్ష వాటిలో ఒక్కొక్క రకం ఎంత శాతమో తెలుపుతాయి. శాతాన్ని మాత్రమే చూస్తే పొరపాటు పడవచ్చును. మొత్తం కణాలు ఘన మిల్లీమీటరుకు 9,000, ఇసినోఫిల్స్ 12 శాతం అయితే వాటి అసలు సంఖ్య 1,080. పెద్దవారిలో ఇది సాధారణంగా 500 దాటదు కాబట్టి ఇక్కడ పెరుగుదల నిజమైనదే. అయితే సూక్ష్మదర్శిని కింద 100 కణాలను మాత్రమే లెక్కించినపుడు, 12 అని వచ్చిన శాతం వాస్తవంలో 6 నుండి 20 వరకు ఎంతైనా కావచ్చును. అందువలన కొన్ని వారాల తరువాత మరల పరీక్షించుట మంచిది.

ఆరోగ్యంగా కనిపించేవారిలో ఈ స్వల్ప పెరుగుదలకు ముఖ్య కారణాలు ఎలర్జీ, కొన్ని మందులు, నులిపురుగులు. అమీబా, జియార్డియా వంటి ఏకకణ జీవులు సాధారణంగా దీనికి కారణం కావు. శరీర కణజాలంలో సంచరించే పురుగులే కారణమవుతాయి. వీటిలో స్ట్రాంజిలాయిడిస్‌ను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మట్టిలో చెప్పులు లేకుండా నడిచేవారి చర్మం గుండా ఇది లోపలికి ప్రవేశించి, అక్కడే సంతతిని పెంచుకొనుచు, పెద్దగా బాధ పెట్టకుండా దశాబ్దాల పాటు ఉండగలదు. ఒక్కసారి చేసిన మలపరీక్షలో తరచుగా దొరకదు. ఇటువంటి వ్యక్తికి ఆస్తమాకో కీళ్ళనొప్పులకో స్టిరాయిడ్లు ఇచ్చినచో ఇసినోఫిల్స్ సంఖ్య తగ్గిపోతుంది, చికిత్స ఫలించినట్లే కనిపిస్తుంది. కాని అదే సమయంలో పురుగులు విపరీతంగా పెరిగి ఊపిరితిత్తులు మొదలైన అవయవాలకు వ్యాపించి ప్రాణాపాయం కలిగించవచ్చును. కనుక స్టిరాయిడ్లు మొదలుపెట్టుటకు ముందే పలుమార్లు మలపరీక్ష గాని, రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష గాని చేయించాలి. దీనికి ఐవర్‌మెక్టిన్ ముఖ్యమైన మందు.

సంఖ్య 1,500 దాటి తగ్గకుండా ఉంటే, బాధలేమీ లేకపోయినా, గుండె మొదలైన అవయవాలను పరీక్షించవలసి ఉంటుంది. ఇసినోఫిల్స్ విడుదల చేసే పదార్థాలు గుండె కండరాన్ని దెబ్బతీయగలవు.

లింఫోసైట్ల విషయంలో

ఇక్కడ కూడా లెక్క ఇదే. వైరస్ జ్వరం తగ్గిన ఒక వ్యక్తికి మొత్తం కణాలు 4,200, లింఫోసైట్లు 50 శాతం, న్యూట్రోఫిల్స్ 40 శాతం వచ్చాయనుకుందాం. లింఫోసైట్లు 2,100, పెద్దవారికి ఇది మామూలే. నిజంగా కొద్దిగా తగ్గినవి న్యూట్రోఫిల్స్ (1,680), అందుచేతనే లింఫోసైట్ల శాతం పెరిగినట్లు కనబడింది. సాధారణంగా కొన్ని వారాలలో ఇది సర్దుకుంటుంది. చిన్నపిల్లలలో లింఫోసైట్లే ఎక్కువగా ఉండుట సహజం. నడివయసు దాటినవారిలో లింఫోసైట్ల సంఖ్య 5,000 దాటి నెలల తరబడి నిలిచి ఉంటే మాత్రం, దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా కొరకు ఫ్లో సైటోమెట్రీ అను పరీక్ష చేస్తారు.