మాన్యువల్ ఉంది, వెతికితే లేదు

నీళ్ల మోటార్లు తయారుచేసే ఓ కంపెనీ ఉందనుకుందాం. పాతికేళ్లుగా తెచ్చిన మోడళ్ల మాన్యువళ్లు, స్పేర్ పార్టుల జాబితాలు, వైరింగ్ బొమ్మలు అన్నీ పీడీఎఫ్‌లుగా వెబ్‌సైట్‌లో ఉన్నాయి. కొత్తగా సెర్చ్ పెట్టారు. మెకానిక్ ఫోన్‌లో SP402 అని కొడితే ఏమీ దొరకదు. మాన్యువల్ మాత్రం సైట్‌లోనే ఉంది.

ఇలాంటప్పుడు సాఫ్ట్‌వేర్‌ని తిట్టి ఇంకోటి కొనేవాళ్లున్నారు. లోపం చాలాసార్లు ఫైళ్లలోనే ఉంటుంది. సెర్చ్ ముందుగానే ప్రతి ఫైలులోని అక్షరాలను బయటికి తీసి, ఏ మాట ఎక్కడుందో సూచిక తయారుచేసి పెట్టుకుంటుంది. అక్షరాలు బయటికి రాని ఫైలు దాని దృష్టిలో ఖాళీ కాగితమే.

పీడీఎఫ్ తెరిచి ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి, సంగతి తెలిసిపోతుంది. వాక్యం సరిగ్గా వస్తే సరే. అసలు సెలెక్టే కాకపోతే అది స్కాన్, అంటే ఫొటో. తెలుగు మాన్యువళ్లతో ఇంకో చిక్కుంది. యూనికోడ్‌కు ముందు అను ఫాంట్లలో కంపోజ్ చేసినవి కంటికి చక్కటి తెలుగే, పేస్ట్ చేస్తే మాత్రం అర్థంలేని గుర్తుల గోల. నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదం. ‘అక్షరాలున్నాయి కదా’ అని సాఫ్ట్‌వేర్ ఆ చెత్తనే సూచికలోకి ఎక్కించేస్తుంది, ఏ ఎర్రరూ చూపదు.

ఈ రెండింటికీ మందు ఓసీఆర్, అంటే బొమ్మను చూసి అక్షరాలు గుర్తించడం. ఉచితంగా దొరికే పనిముట్టుతో ఇలా చేయొచ్చు:

```
ocrmypdf -l tel+eng --force-ocr old.pdf new.pdf
```

`--force-ocr` అంటే లోపలున్న అక్షరాలను పక్కనపెట్టి మొత్తం మళ్లీ చదవమని. స్కాన్లతో పాటు బాగున్న పేజీలూ కలిసి ఉంటే `--skip-text` వాడాలి. అయితే అను ఫాంట్ ఫైళ్లకు అది పనికిరాదు, ఆ పేజీలను వదిలేసి పోతుంది. ఓసీఆర్ కూడా 0ను O గా చదువుతుంది కాబట్టి మోడల్ నంబర్లను మనిషి ఓసారి సరిచూడాల్సిందే.

ఇప్పుడు మన మెకానిక్ దగ్గరికొద్దాం. మాన్యువల్లో ఉన్నది SP-402. చాలా సెర్చ్‌లు అడ్డగీత దగ్గర విరిచి SP, 402 అని రెండు ముక్కలుగా దాచుకుంటాయి. అతను కలిపి కొట్టిన SP402 ఆ రెండింటిలో దేనితోనూ కలవదు. అందుకని మోడల్ నంబర్లకు వేరే గడి పెట్టి, గీతలు, ఖాళీలు తీసేసి దాచాలి. వెతికే మాటనూ అలాగే శుభ్రం చేయాలి.

దొరికాక 200 పేజీల ఫైలు చేతిలో పెట్టినా లాభం లేదు. సూచికను పేజీలవారీగా తయారుచేస్తే లింకు చివర `#page=84` తగిలించవచ్చు. కంప్యూటర్ బ్రౌజర్లు చాలావరకు నేరుగా ఆ పేజీనే తెరుస్తాయి, ఫోన్లలో మాత్రం నమ్మకం లేదు.

సెర్చ్ నడవడం మొదలయ్యాక వారానికోసారి ఫలితమే రాని వెతుకులాటల చిట్టా తీయాలి. మాన్యువల్ ‘ప్రైమింగ్’ అంటుంది, రైతు ‘నీళ్లు ఎత్తట్లేదు’ అని కొడతాడు. ఆ జంటను పర్యాయపదాల పట్టికలో చేర్చాల్సింది ప్రోగ్రామర్ కాదు, సర్వీస్ సెంటర్లో ఫోన్లెత్తే మనిషి.