కొటేషన్ బయటి క్రియను ముందు చూడండి
డైరెక్ట్ స్పీచ్‌ను ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చమంటే పిల్లలు తడబడేది ముఖ్యంగా ప్రశ్నావాక్యాల దగ్గరే. తెలుగులో ‘అని’ చేరిస్తే చాలు, క్రియ కాలం మారదు. ఇంగ్లిష్‌లో అలా కుదరదు.

‘రవి సెడ్ టు మీ, “వేర్ ఆర్ యూ గోయింగ్?”’ అన్న వాక్యం తీసుకోండి. ‘సెడ్ టు’ కాస్తా ‘ఆస్క్‌డ్’ అవుతుంది. అది భూతకాలం కాబట్టి లోపలి ‘ఆర్’ కూడా ఒక మెట్టు వెనక్కి జరగాలి. ‘యూ’ బదులు ‘ఐ’ వస్తుంది కనుక అది ‘వాజ్’ అవుతుంది. ఇక్కడిదాకా సరిగ్గా చేసినవాళ్లే చివరికి ‘వేర్ వాజ్ ఐ గోయింగ్’ అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. ప్రశ్న వరస పోయి కర్త ముందుకు రావాలి: ‘రవి ఆస్క్‌డ్ మీ వేర్ ఐ వాజ్ గోయింగ్.’ చివర ప్రశ్నార్థకం ఉండదు, ఫుల్‌స్టాపే.

బయట ‘సేస్’ లాంటి వర్తమాన క్రియ ఉంటే మాత్రం లోపలి కాలాన్ని కదపకండి.