వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి: తెల్లవారే దాకా ఆగడం ఎందుకు ప్రమాదకరం?

పద్నాలుగేళ్ల బాలుడికి రాత్రి 2 గంటలకు నొప్పితో మెలకువ వచ్చిందనుకుందాం. ఎడమ వృషణంలో భరించలేని నొప్పి. కొద్దిసేపటికే రెండు వాంతులు. తల్లిని లేపాడు గానీ, నొప్పి ఎక్కడో చెప్పడానికి సిగ్గుపడి, ‘కడుపులో నొప్పి’ అని మాత్రమే అన్నాడు. రాత్రి తిన్నది పడలేదని భావించి ఆమె గ్యాస్ మాత్ర ఇచ్చింది. ఉదయం 8 గంటలకు గానీ బాలుడు తండ్రికి అసలు సంగతి చెప్పలేదు. దగ్గరలోని క్లినిక్‌లో ఇన్ఫెక్షన్ కావచ్చని మందులు రాసిచ్చారు. సాయంత్రానికి వాపు పెరగడంతో పెద్దాసుపత్రికి చేరేసరికి 7 గంటలైంది. నొప్పి మొదలై అప్పటికి 17 గంటలు. శస్త్రచికిత్సలో వైద్యులకు కనిపించింది నల్లబడిపోయిన వృషణం.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. కానీ ఇందులోని ప్రతి ఆలస్యమూ వైద్యులకు సుపరిచితమే. ఈ స్థితిని వైద్యపరిభాషలో ‘టెస్టిక్యులర్ టార్షన్’ అంటారు. అంటే వృషణం మెలిపడటం.

మెలిపడితే ఏమవుతుంది?

ప్రతి వృషణమూ ఒక తాడు వంటి కట్టకు వేలాడుతూ ఉంటుంది. దీనిని స్పెర్మాటిక్ కార్డ్ అంటారు. వృషణానికి రక్తాన్ని తెచ్చే ధమని, తిరిగి తీసుకుపోయే సిరలు, నాడులు, వీర్యకణాలను మోసే నాళం అన్నీ అందులోనే ఉంటాయి. సాధారణంగా వృషణం వెనుక భాగం తిత్తి లోపలి గోడకు అంటుకుని ఉండటం వల్ల అది గుండ్రంగా తిరగదు. కొందరు మగపిల్లల్లో పుట్టుకతోనే ఈ అతుకు ఉండదు. వారిలో వృషణం గంట లోపలి నాలుకలా స్వేచ్ఛగా ఊగుతుంది. అటువంటి వృషణం ఎప్పుడైనా గిర్రున తిరిగితే తాడు మెలిపడుతుంది.

యౌవనారంభంలో వృషణాలు వేగంగా పెరిగి బరువెక్కుతాయి. అందుకే 12 నుంచి 18 ఏళ్ల మధ్య ఈ ముప్పు ఎక్కువ. ఆటలోనో, దెబ్బ తగిలినప్పుడో మెలిపడవచ్చు. ఏ కారణమూ లేకుండా నిద్రలోనూ మెలిపడవచ్చు.

మెలి బిగిసినప్పుడు ముందుగా పలుచని గోడలున్న సిరలు మూసుకుపోతాయి. లోపలికి వచ్చిన రక్తానికి బయటికి దారి ఉండదు కనుక వృషణం ఉబ్బుతుంది. ఆ ఒత్తిడి పెరిగిన కొద్దీ ధమని కూడా మూసుకుపోతుంది. ఇక ప్రాణవాయువు అందక కణజాలం చనిపోవడం మొదలవుతుంది.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

నొప్పి మొదలైన 6 గంటలలోపు మెలి విప్పగలిగితే నూటికి 90కి పైగా సందర్భాల్లో వృషణం నిలుస్తుంది. 12 గంటలకు ఆ అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. 24 గంటలు దాటితే మిగిలేది స్వల్పమే. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఈ లెక్క ఆసుపత్రికి చేరిన క్షణం నుంచి కాదు, నొప్పి పుట్టిన క్షణం నుంచి. పై ఉదాహరణలో బాలుడు తండ్రికి నోరు విప్పి చెప్పేసరికే ఆ 6 గంటలు గడిచిపోయాయి.

అయితే గంటలు దాటాయని ఆసుపత్రికి వెళ్లడం మానుకోకూడదు. మెలి పూర్తిగా బిగియకపోతే కొంత రక్తం అందుతూ ఉండవచ్చు. మరొక హెచ్చరిక కూడా అవసరం. చాలా గంటల తర్వాత నొప్పి దానంతటదే తగ్గితే అది నయమైనట్టు కాదు. కణజాలం చనిపోవడం వల్ల కూడా నొప్పి తగ్గుతుంది.

ఎలా గుర్తించాలి?

ఒకే వైపు వృషణంలో హఠాత్తుగా మొదలైన తీవ్రమైన నొప్పి ప్రధాన లక్షణం. దానితో పాటు వికారం, వాంతులు, పొత్తికడుపు నొప్పి ఉండవచ్చు. ఆ వృషణం రెండోదానికంటే పైకి లాక్కుపోయినట్టు, అడ్డంగా తిరిగినట్టు, గట్టిగా కనిపించవచ్చు. వైద్యులు తొడ లోపలి వైపు సున్నితంగా గీసి చూస్తారు. మామూలుగా అయితే ఆ వైపు వృషణం పైకి కదులుతుంది. మెలిపడినప్పుడు చాలామందిలో ఆ కదలిక ఉండదు.

ఇన్ఫెక్షన్ అయితే నొప్పి సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో క్రమంగా పెరుగుతుంది. జ్వరం, మూత్రంలో మంట ఉండవచ్చు. వృషణం పైన ఉండే చిన్న బొడిపె ఒక్కటే మెలిపడినా నొప్పి వస్తుంది. అది అంత ప్రమాదకరం కాదు. కానీ ఈ తేడాలను ఇంట్లో తేల్చడం సాధ్యం కాదు. మెలిపడలేదని వైద్యులు నిర్ధారించే వరకూ మెలిపడిందనే భావించాలి.

రక్తప్రసరణను చూపే డాప్లర్ స్కాన్ సందేహాలున్నప్పుడు ఉపయోగపడుతుంది. లక్షణాలు స్పష్టంగా ఉంటే మాత్రం స్కాన్ కోసం ఆగకుండా నేరుగా శస్త్రచికిత్సకు తీసుకెళ్లడమే సరైన పద్ధతి.

ఇంట్లో చేయకూడనివి

నూనె రాసి మర్దన చేయడం, కాపడం పెట్టడం, మెలి తిప్పి విప్పే ప్రయత్నం తగవు. వైద్యులు కొన్నిసార్లు పుస్తకం తెరిచినట్టు వృషణాన్ని బయటి వైపునకు తిప్పుతారు. కానీ సుమారు మూడో వంతు మందిలో మెలి అందుకు వ్యతిరేక దిశలో ఉంటుంది. వారిలో అలా తిప్పితే మెలి ఇంకా బిగుస్తుంది. విప్పడంలో సఫలమైనా శస్త్రచికిత్స తప్పదు.

మత్తుమందు ఇవ్వవలసి రావచ్చు కనుక బాలుడికి ఆహారం, నీళ్లు పెట్టకూడదు. ఇప్పటికే తిని ఉంటే ఎప్పుడు తిన్నాడో వైద్యులకు చెప్పాలి. చిన్న క్లినిక్‌ల చుట్టూ తిరగకుండా, రాత్రివేళ కూడా సర్జన్, మత్తు వైద్యుడు ఉండే ఆసుపత్రికి నేరుగా వెళ్లాలి. చేరగానే నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో ముందుగా చెప్పాలి.

శస్త్రచికిత్సలో ఏం చేస్తారు?

తిత్తిపై చిన్న కోత పెట్టి మెలి విప్పుతారు. వృషణాన్ని గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గుడ్డతో చుట్టి కొన్ని నిమిషాలు వేచి చూస్తారు. రంగు తేరుకుంటే, మళ్లీ తిరగకుండా లోపలి గోడకు కుట్లు వేసి బిగిస్తారు. పుట్టుకతో వచ్చే ఈ లోపం సాధారణంగా రెండు వైపులా ఉంటుంది కనుక రెండో వృషణాన్నీ అదే విధంగా బిగిస్తారు. కణజాలం చనిపోయి ఉంటే వృషణాన్ని తొలగిస్తారు. ఈ అవకాశం ఉన్నందునే ముందుగా తీసుకునే అంగీకార పత్రంలో తొలగింపు ప్రస్తావన ఉంటుంది. రెండో వృషణం ఆరోగ్యంగా ఉంటే హార్మోన్లకు, సంతానానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు.

కొందరిలో ఈ నొప్పి హఠాత్తుగా వచ్చి నిమిషాల్లో పోతుంది. తాడు మెలిపడి దానంతటదే విడిపోవడం అందుకు కారణం కావచ్చు. అటువంటి పిల్లలను నొప్పి లేని రోజుల్లోనే సర్జన్‌కు చూపించి, ముందుజాగ్రత్తగా వృషణాలను బిగించే విషయం మాట్లాడాలి.

కౌమార వయసు బాలుడు అర్ధరాత్రి పొత్తికడుపు నొప్పి, వాంతులు అని లేచినప్పుడు ‘కింద నొప్పి ఉందా?’ అని తల్లిదండ్రులు, హాస్టల్ వార్డెన్లు నేరుగా అడగాలి. మొదటి ఉదాహరణలోని తల్లి 2 గంటలకే ఆ ప్రశ్న వేసి ఉంటే, 4 గంటలకల్లా బాలుడు ఆసుపత్రిలో ఉండేవాడు. శస్త్రచికిత్స చేయడానికి ఇంకా 4 గంటల వ్యవధి మిగిలి ఉండేది.