సంతకానికి పంపే ఒప్పందం: వేలు పెట్టి చూపాల్సిన క్లాజులు

ఒప్పంద పత్రాన్ని సంతకానికి ఈమెయిల్‌లో పంపేవారు మామూలుగా రాసేది ఒక్క వాక్యమే: ‘అగ్రిమెంటు జతచేశాం, సంతకం చేసి పంపగలరు.’ అందుకున్నవారు చివరి పేజీ తెరిచి సంతకం చేస్తారు. మధ్యలో ఉన్న ఎనిమిది పేజీలూ ఎవరూ చదవకుండానే అమల్లోకి వస్తాయి. చదవలేదన్న మాట తర్వాత ఎందుకూ పనికిరాదు. ఒప్పందం మీద సంతకం పెట్టినవారు దాన్ని చదివినా చదవకపోయినా మామూలుగా దానికి కట్టుబడాల్సిందేనని 1989లో గ్రీన్ రబ్బర్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

చట్టం ఇలా పంపినవారి పక్షానే ఉన్నప్పుడు, ఫలానా క్లాజు జాగ్రత్తగా చదవండని అవతలివారికి పనిగట్టుకుని చెప్పడం దేనికన్న సందేహం సహజం. దీనికి జవాబు ఇంగ్లండు కోర్టులు తేల్చిన ఒక పాత తగాదాలో ఉంది. ఇంటర్‌ఫోటో అనే ఫొటోల సంస్థ నుంచి ఒక ప్రకటనల ఏజెన్సీ 47 ఫొటో పారదర్శికలు తెప్పించుకుంది. వాటితో వచ్చిన డెలివరీ నోటులో 14 రోజులు దాటితే ఒక్కో పారదర్శికకు రోజుకు 5 పౌండ్లు కట్టాలని ఉంది. ఏజెన్సీవారు అది చూడలేదు, వాటిని వాపసు చేయడంలో ఆలస్యం చేశారు. బిల్లు 3,783 పౌండ్లు దాటింది. ఇంత కటువైన షరతు పెట్టినప్పుడు అది అవతలివారి కంటపడేలా చూడాల్సిన బాధ్యత పెట్టినవారిదేనని అప్పీలు కోర్టు తీర్పు చెప్పి, ఒక్కో పారదర్శికకు వారానికి మూడున్నర పౌండ్ల లెక్కన మాత్రమే ఇప్పించింది. అంతకుముందు 1956లోనే జడ్జి డెన్నింగ్ ఇంకొంచెం ఘాటుగా అన్నారు: కొన్ని క్లాజులను ఎర్ర సిరాతో అచ్చేసి, వాటివైపు చూపే ఎర్రటి చెయ్యి బొమ్మ కూడా వేస్తే తప్ప నోటీసు ఇచ్చినట్టు కాదని. ఫొటోల కేసులో నోటు మీద సంతకం లేదు. సంతకం ఉంటే ఆ వాదన నిలవడం కష్టం. అయినా సంతకానికి ముందు పంపే ఈమెయిల్ చేయాల్సింది ఆ ఎర్ర చెయ్యి పనే.

చూపించడంలో పొరపాటు జరిగితే మాత్రం అసలుకే మోసం వస్తుంది. 1951 నాటి కర్టిస్ కేసులో ఒకావిడ పెళ్లిగౌను శుభ్రం చేయించడానికి డ్రైక్లీనింగ్ షాపుకు ఇచ్చింది. రసీదు మీద సంతకం ఎందుకని అడిగితే, పూసలకూ చెమ్కీలకూ నష్టం జరిగితే మా బాధ్యత కాదని అందులో ఉందని అక్కడి ఉద్యోగిని చెప్పింది. రసీదులో నిజానికి ఉన్నది, ఎలాంటి నష్టానికీ బాధ్యత లేదని. గౌను మరక పడి తిరిగొచ్చింది. సంతకం ఉన్నా సరే, తాము తప్పుగా చెప్పిన క్లాజు చాటున షాపువారు దాక్కోలేరని కోర్టు తేల్చింది. మన 1872 కాంట్రాక్టు చట్టంలోనూ తప్పుడు వివరణ వల్ల ఇచ్చిన సమ్మతిని రద్దు చేసుకునే వీలుంది. కాకపోతే మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకునే అవకాశం ఉన్నవారికి ఆ వీలు ఉండదన్న మినహాయింపు కూడా అందులోనే ఉంది. అందుకని ఉత్తరం రాసేవారు క్లాజును తమకు అనుకూలంగా కుదించకూడదు. అందుకున్నవారు ఉత్తరం చదివేసి పత్రం పక్కన పెట్టకూడదు.

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. విజయవాడలోని ఒక ప్రచురణ సంస్థ, డాలస్‌లో ఉంటున్న రచయిత్రి నవల వేయడానికి ఫోనులో మాట్లాడుకుంది అనుకుందాం. వెయ్యి కాపీలు, వెల 300 రూపాయలు, పది శాతం రాయల్టీ. మాట కుదిరింది, ఇక తొమ్మిది పేజీల ఒప్పందం పంపాలి. అందులో ఇరవైకి పైగా క్లాజులు ఉంటాయి. అన్నింటినీ ముఖ్యమంటే ఏదీ ముఖ్యం కాకుండా పోతుంది. ఏరుకోవడానికి ఒక పద్ధతి ఉంది: ఫోనులో అనుకోని సంగతి ఏ క్లాజులో ఉంది, అనుకున్నదానికి భిన్నమైన అర్థం దేనికి రావచ్చు, రచయిత్రి ఏళ్ల తర్వాత చూసి ‘ఇది నాకు చెప్పలేదే’ అనగలిగేది ఏది. పంపేవారికి బాగా లాభించే క్లాజు దాదాపు ఎప్పుడూ ఈ జాబితాలో ఉంటుంది, దాన్ని చూపడానికే చెయ్యి ఆడదు.

ఈ నవల విషయంలో మొదట నిలిచేది హక్కుల క్లాజు. కాపీరైట్ బదలాయింపు రాతపూర్వకంగా, హక్కుదారు సంతకంతో ఉండాలని 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ అంటుంది. ఏ హక్కులు, ఎంతకాలానికి, ఏ ప్రాంతానికి అన్నది పత్రంలో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. డాలస్ రచయిత్రి విషయంలో ఆ చివరి మాట ఉత్త సాంకేతికం కాదు, ఎందుకంటే ఆమె పాఠకుల్లో చాలామంది అమెరికాలో ఈ-బుక్ కొనేవారే కావచ్చు. ప్రచురణకర్తలు సాధారణంగా వాడే ముసాయిదాలో ఈ ఖాళీలు ఉండవు. వాటి స్థానంలో ‘కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా, అన్ని రూపాల్లో’ అని ఉంటుంది. కాపీరైట్ ఉన్నంతకాలమంటే రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ఆడియో, అనువాదం, సినిమా అన్నీ ‘అన్ని రూపాల్లో’ అన్న రెండు మాటల్లో ఇమిడిపోతాయి. ఫోనులో మాట్లాడుకున్నది అచ్చుపుస్తకం గురించి మాత్రమే అయితే, ఈ తేడాను ఉత్తరంలో చెప్పి తీరాలి.

రెండోది రాయల్టీ. పది శాతం అన్న మాటలో తగాదా లేదు, దేని మీద పది శాతమన్నదే ప్రశ్న. ముద్రిత వెల మీదైతే కాపీకి 30 రూపాయలు. పుస్తకాల షాపుకు 40 శాతం కమిషన్ పోగా సంస్థకు చేరే 180 మీదైతే 18 రూపాయలే. వెయ్యి కాపీలకు అది 30 వేలకూ 18 వేలకూ మధ్య తేడా. ‘నికర రాబడి’ అన్న మాట క్లాజులో ఉందంటే, ఉత్తరంలో ఈ లెక్క ఒకసారి వేసి చూపడం మంచిది. శాతాలను చదివినవారు తలూపుతారు, రూపాయలను చూసినవారు ప్రశ్న అడుగుతారు.

మూడోది, కాపీలు అయిపోయి సంస్థ మళ్లీ వేయకపోతే హక్కులు రచయిత్రికి ఎప్పుడు తిరిగొస్తాయన్నది. పుస్తకాల ఒప్పందాల్లో ఎక్కువగా మరిచిపోయేది ఇదే. బదలాయించిన హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే అది రద్దయినట్టేనని 19వ సెక్షన్‌లోనే ఉంది, కానీ ఒప్పందంలో మరోలా రాసుకుంటే ఆ రక్షణ పోతుంది. ముసాయిదాలో అలా రాసి ఉంటే చూపాల్సిన క్లాజుల్లో అదీ చేరుతుంది. మిగతావి, ఫోర్స్ మెజూర్, నోటీసులు పంపే చిరునామా వంటివి, పత్రంలో ఉంటే చాలు.

వీటిని పెట్టుకుని రాసిన ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది:

‘నమస్కారమండీ. మీ నవల ప్రచురణ ఒప్పందం పీడీఎఫ్‌గా జతచేశాం. మొత్తం చదవండి, ఈ మూడు క్లాజులు మాత్రం తీరిగ్గా చూడండి. 2వ పేజీ 4వ క్లాజు: అచ్చు, ఈ-బుక్, ఆడియో, అనువాద, సినిమా హక్కులన్నీ సంస్థకు వస్తాయి. మనం ఫోనులో అచ్చు గురించే మాట్లాడుకున్నాం. మిగతావి ఇవ్వడం ఇష్టం లేకపోతే చెప్పండి, తీసేస్తాం. 4వ పేజీ 9వ క్లాజు: రాయల్టీ నికర రాబడి మీద, అంటే షాపు కమిషన్ పోగా కాపీకి సుమారు 18 రూపాయలు. 6వ పేజీ 14వ క్లాజు: కాపీలు అయిపోయాక రెండేళ్లపాటు మేం పునర్ముద్రించకపోతేనే హక్కులు మీకు తిరిగొస్తాయి. ఇది సూచన కోసమే, ఉత్తరానికీ పత్రానికీ తేడా కనిపిస్తే పత్రంలో ఉన్నదే చెల్లుతుంది. కావాలంటే లాయరుకు చూపించండి, ఈ నెలాఖరులోగా చెబితే చాలు. ఇద్దరి సంతకాలూ అయ్యాకే ఒప్పందం అమల్లోకి వస్తుంది.’

ఆ చివరి వాక్యం మర్యాద కోసం రాసింది కాదు. ట్రైమెక్స్, వేదాంత సంస్థల మధ్య బాక్సైట్ సరఫరా తగాదాలో, లాంఛనమైన పత్రం మీద సంతకాలు కాకపోయినా, ఈమెయిళ్లలో ప్రతిపాదన, అంగీకారం పూర్తయ్యాయి కాబట్టి ఒప్పందం కుదిరినట్టేనని 2010లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సంతకాల దాకా ఎవరూ కట్టుబడి లేరన్నదే ఇద్దరి ఉద్దేశమైతే ఆ మాట రాసి ఉండాలి. లేదంటే ‘సరేనండీ, అన్నీ బాగున్నాయి’ అన్న జవాబే సంతకంతో సమానమని ఎవరైనా వాదించవచ్చు.

ఈ పద్ధతిలో తరచూ జరిగే పొరపాటు చట్టానికి సంబంధించింది కాదు, అంకెలకు సంబంధించింది. రచయిత్రి ఒక మార్పు కోరుతుంది, వర్డ్ ఫైలులో కొత్త క్లాజు చేరుతుంది, తర్వాతి నంబర్లన్నీ ఒకటి చొప్పున జరుగుతాయి. ఉత్తరంలో మాత్రం పాత 9 అలాగే ఉండిపోతుంది. చదివేవారు 9వ క్లాజు తెరిస్తే అక్కడ ప్రూఫుల గడువు కనిపిస్తుంది. పంపే ముందు, కంప్యూటర్లో ఉన్న ఫైలును కాకుండా మెయిలుకు జతచేసిన ఫైలునే తెరిచి, నంబర్లూ పేజీలూ సరిపోల్చాలి. మార్పుల దశలో ‘ట్రాక్ చేంజెస్’ పెట్టిన వర్డ్ ఫైలు, సంతకానికి పీడీఎఫ్, పేరులో తేదీ: ఇంత ఉంటే ఏ ప్రతి మీద సంతకమయిందన్న గొడవ ఉండదు.

సంతకం ఎలా చేయాలన్నది కూడా ఉత్తరంలోనే చెప్పాలి. ఐటీ చట్టం గుర్తించిన ఎలక్ట్రానిక్ సంతకం మన దగ్గర ఎక్కువగా ఆధార్ ఈ-సైన్ రూపంలో జరుగుతుంది, దానికి ఆధార్‌తో ముడిపడిన ఫోనుకు ఓటీపీ రావాలి. విదేశంలో ఉన్నవారికి ఆ నంబరు పనిచేయకపోవచ్చు. అప్పుడు ప్రింటు తీసి, ప్రతి పేజీ మీదా సంతకం చేసి, స్కాన్ పంపి, అసలు ప్రతిని కొరియర్ చేయమనడమే నికరమైన దారి. స్టాంపు కాగితం సంగతి ముందే చూసుకోవాలి, ఎందుకంటే సరైన స్టాంపు లేని పత్రాన్ని, సుంకమూ జరిమానా కట్టేదాకా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు.

ఒక సంగతి మిగిలింది. చాలా ఒప్పందాల చివర్లో, ఈ పత్రమే మొత్తం ఒప్పందమని, దీనికి ముందు అన్న మాటలు, రాసిన ఉత్తరాలు లెక్కలోకి రావని ఒక క్లాజు ఉంటుంది. క్లాజులు చూపిస్తూ రాసిన ఉత్తరం కూడా ఆ లెక్కలోకి రాని ఉత్తరాల్లోనే పడుతుంది. ‘ఆడియో హక్కులు అడగంలెండి’ అని మెయిల్లో రాసి, 4వ క్లాజు మార్చకుండా వదిలేస్తే, రచయిత్రి చేతిలో ఉన్నది మెయిలు, సంస్థ చేతిలో ఉన్నది సంతకం చేసిన పత్రం. ఉత్తరంలో ఇచ్చిన ప్రతి హామీనీ సంతకానికి ముందే క్లాజులోకి మార్చి, కొత్త పీడీఎఫ్ పంపాలి.