కైఫీయతుల పునర్లేఖనం: మూలంతో సరిచూసే పద్ధతి

1. ప్రస్తావన

కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) సేకరింపజేసిన గ్రామ చరిత్రలకు కైఫీయతులని పేరు. వాటి కాగితాలు శిథిలమవుతుండగా సి.పి. బ్రౌన్ తెలుగు ప్రాంతపు స్థానిక చరిత్రలను లేఖకులచేత తిరిగి రాయించాడు. ఆ ప్రతులను నేటి పాఠకుల కోసం వాడుక తెలుగులోకి మారిస్తే అది మరొక పునర్లేఖనం అవుతుంది. ప్రతి మార్పులోనూ వాక్యం సుబోధమవుతుంది, కాని అందులోని అంకె, తేదీ, కొలత, షరతు జారిపోయే అవకాశం కూడా పెరుగుతుంది. పదుల సంఖ్యలో కైఫీయతులను ఒకేసారి తిరగరాసినప్పుడు వాటిని మూలంతో ఎలా సరిచూడాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అనంతపురం పీఠభూమికి సంబంధించిన పత్రాల్లో ఈ పరిశీలనకు ప్రత్యేక కారణం ఉంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ సీమలో చెరువు ఎవరు కట్టారు, కట్టను ఎవరు కాపాడాలి, అందుకు ప్రతిఫలంగా ఏ నేల ఇచ్చారు అన్నవి ఊరి చరిత్రకు ప్రాణం. ఈ సంగతులు చాలావరకు ఒక అంకెలోనో, ఒక క్రియారూపంలోనో ఇమిడి ఉంటాయి.

2. మూలం నుండి పట్టిక

తిరగరాసిన పాఠాన్ని ముందు చదివి, తరువాత మూలాన్ని చూడటం సాధారణంగా జరిగే పొరపాటు. కొత్త పాఠం సాఫీగా ఉంటుంది కనుక అందులోని అర్థమే మూలంలోనూ కనిపించినట్లు తోస్తుంది. అందువల్ల పరిశీలకుడు కొత్త పాఠాన్ని పక్కన పెట్టి, మూలం నుండే ఒక పట్టిక తయారు చేసుకోవాలి. అందులో నాలుగు గడులు చాలు. మొదటిది పేర్లకు, రెండవది కాలానికి, మూడవది ప్రమాణంతో సహా అంకెలకు, నాలుగవది షరతులకు. పట్టిక పూర్తయ్యాకనే కొత్త పాఠం తెరిచి ఒక్కొక్క అంశాన్ని గుర్తుపెట్టుకుంటూ పోవాలి.

దీని తరువాత ఎదురు పరిశీలన చేయాలి. కొత్త పాఠంలోని ప్రతి అంకెకు, ప్రతి పేరుకు మూలంలో ఆధారం వెతకాలి. మొదటి పరిశీలనలో పోయినవి దొరుకుతాయి. ఎదురు పరిశీలనలో లేనివి వచ్చి చేరినట్లు తెలుస్తుంది. ఊరి పేరు పక్కన పరిశీలించేవారికి తెలియకుండా వచ్చి చేరే జిల్లా పేరు ఇటువంటిదే. ధర్మవరం దగ్గరి బత్తలపల్లె నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022కు ముందు అది అనంతపురం జిల్లాలోది. అనంతపురం జిల్లా ఏర్పడినదే 1882లో; అంతకు ముందు ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో భాగం. కనుక బ్రౌన్ కాలపు ప్రతిని తిరగరాస్తూ ‘అనంతపురం జిల్లా’ అని చేరిస్తే, ఆనాటికి లేని జిల్లాను మూలానికి అంటగట్టినట్లవుతుంది. నేటి జిల్లా పేరు అవసరమైతే దానిని కుండలీకరణాల్లో సంపాదకుని మాటగా చూపాలి.

3. ఒక ఉదాహరణ

కైఫీయతు ధోరణిలో కల్పించిన ఈ వాక్యాన్ని మూలమనుకుందాం: “శా.శ. ౧౪౮౫ రుధిరోద్గారి సంవత్సరమందు సదాశివరాయలవారి కాలాన చెరువు కట్ట గండి పడగా పూడ్పించి, అయిదు తూముల విత్తనపు మడి దశబంధ మాన్యం యిచ్చినారు గనుక కట్ట మరమ్మతు చేస్తూ అనుభవించవలసినది.”

దాని పునర్లేఖనం ఇలా వచ్చిందనుకుందాం: “క్రీ.శ. 1536లో సదాశివరాయల కాలంలో గండి పడిన చెరువు కట్టను పూడ్చినందుకు అయిదు ఎకరాల మడిని దశబంధ మాన్యంగా ఇచ్చారు.”

చదవడానికి ఈ వాక్యంలో లోపం కనిపించదు. పట్టికతో పోల్చితే మాత్రం మూడు మార్పులు బయటపడతాయి.

మొదటిది తేదీ. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. 1485కు 78 కలిపితే 1563 రావాలి. 1536 వచ్చిందంటే లేఖకుడు 1485ను 1458గా చదివాడన్నమాట.

రెండవది కొలత. ‘అయిదు’ రెండు పాఠాల్లోనూ ఉంది కనుక అంకెలను మాత్రమే వెతికేవారికి ఈ తప్పు దొరకదు. తూము ధాన్యపు కొలత. ఇరవై తూములు ఒక పుట్టి. తూము విత్తనపు నేల అంటే తూమెడు విత్తనం పట్టే నేల. దాని విస్తీర్ణం నేలను బట్టి, ఊరి కొలతను బట్టి మారుతుంది. దానిని ఎకరాల్లోకి మార్చడానికి వాక్యంలో ఆధారం లేదు. అందుకే పట్టికలో అంకెను ఒంటరిగా రాయకూడదు. ‘అయిదు’ అని కాక ‘అయిదు తూముల విత్తనపు మడి’ అని రాసుకుంటే తప్పు వెంటనే కనిపిస్తుంది. వరహాలను రూపాయలని రాయడం కూడా ఈ తరహా తప్పే.

మూడవది షరతు, అన్నిటికంటె బరువైనది. దశబంధం చెరువు పనికి ప్రతిఫలంగా ఇచ్చే మాన్యం. మూలంలోని ‘చేస్తూ అనుభవించవలసినది’ అన్న మాట మరమ్మతును ముందు తరాలకు విధిగా నిలుపుతుంది. ‘పూడ్చినందుకు’ అన్న మాటతో అది జరిగిపోయిన పనికి బహుమానంగా మారిపోయింది. చెరువు కట్టను కాపాడవలసిన బాధ్యత ఎవరిదో ఇక ఈ పాఠం నుండి తెలియదు. దీనిని పట్టుకోవడానికి ‘వలసినది’, ‘చేస్తూ’, ‘గనుక’, ‘వరకు’ వంటి మాటలను మూలంలో గీత గీసి, వాటి స్థానంలో కొత్త పాఠంలో ఏముందో విడిగా చూడాలి.

4. తేదీ పరీక్ష, దాని హద్దు

పాత పత్రాల్లో శక సంవత్సరంతోపాటు ప్రభవాది పేరు కూడా ఉండటం పరిశీలకుడికి గొప్ప సదుపాయం. శక సంఖ్యకు 12 కలిపి 60తో భాగిస్తే మిగిలే శేషం ప్రభవ నుండి లెక్కించిన వరుస సంఖ్య. శేషం సున్నా అయితే అది అక్షయ. 1485కు 12 కలిపితే 1497, శేషం 57, యాభై ఏడవది రుధిరోద్గారి. 1458కి శేషం 30, అంటే దుర్ముఖి. అంకెలు తారుమారైన సంగతి ఇలా తెలుస్తుంది. పోరుమామిళ్ల చెరువు శాసనంలోని శక 1291, సౌమ్య సంవత్సరం ఈ లెక్కకు చక్కగా సరిపోతాయి; శేషం 43, నలభై మూడవది సౌమ్య.

అయితే తప్పు సరిగ్గా అరవై ఏళ్లదైతే ఈ పరీక్ష దానిని పట్టదు. 1485ను 1425గా రాసినా పేరు రుధిరోద్గారే. అప్పుడు రాజు పేరు ఆదుకుంటుంది. సదాశివరాయల పాలన 1542లో మొదలైంది. శక 1425, అంటే 1503, ఆయనది కాదు. 1536 కూడా అచ్యుతదేవరాయల కాలమే.

మరొక హద్దు ఇంతకంటె ముఖ్యమైనది. లెక్క కుదరనప్పుడు తప్పు తిరగరాసినవారిదే కానక్కరలేదు. కృష్ణదేవరాయల పట్టాభిషేకాన్ని చెప్పే హంపి శాసనంలో శక 1430తోపాటు శుక్ల సంవత్సరం ఉంది. లెక్క ప్రకారం శుక్ల 1431కి రావాలి. శాసనమే అలా ఉన్నప్పుడు 1430ని 1431గా దిద్దడం పరిశీలన కాదు, మూలాన్ని మార్చడం. అక్కడ ఉన్నది ఉన్నట్లు ఉంచి, పొసగని సంగతిని సూచికలో చెప్పాలి.

5. ఉపసంహారం

ఒక కైఫీయతులో దొరికిన తప్పును ఆ ఒక్కచోట దిద్ది ఊరుకోకూడదు. తూములను ఎకరాలుగా మార్చిన లేఖకుడు మిగిలిన కైఫీయతుల్లోనూ అలాగే మార్చి ఉంటాడు. అందువల్ల దొరికిన తప్పు రకాన్ని గుర్తించి, ఆ ఒక్క రకం కోసమే సంపుటమంతా మళ్లీ చూడాలి. దిద్దుబాటు చేసిన వాక్యాన్ని కూడా మరల మూలంతో పోల్చాలి. తేదీ సవరించే తొందరలో పక్కనున్న షరతు చెడిపోవడం అరుదు కాదు. మూలంతో పోల్చినవారు, తిరగరాసినవారు ఒక్కరే కాకుండా చూసుకోవాలి. తన వాక్యాన్ని తాను చదివేటప్పుడు ఎవరైనా రాసినదానిని కాక, రాయదలచినదానినే చదువుతారు.